‘సబ్జెక్ట్ టు’ అన్న రెండు మాటలు వదిలేసి 180 మందిని నెట్ లేకుండా కూర్చోబెట్టాను

ప్రశ్న: మా టీంలో 70 మెయిళ్ల త్రెడ్ ఒకటి నడుస్తోంది. మేనేజర్ నన్ను "అందరికీ సమ్మరీ పంపు" అన్నాడు. వరసగా చదువుకుంటూ రాస్తే రెండు పేజీలు వచ్చింది, ఎవరూ చదవలేదు. ఏం తేలింది, ఏం తేలలేదు, ఎవరు ఏం చేయాలి అన్నది చిన్నగా ఎలా రాస్తారు?

జవాబు:

నేను ఈ పని పదేళ్ల నుంచి చేస్తున్నా. ఒకసారి ఘోరంగా చేశా కూడా, అదే చెప్తా, ఎందుకంటే సరిగ్గా చేసిన సమ్మరీలు ఒక్కటీ గుర్తు లేవు.

2019 సెప్టెంబర్, అక్టోబర్ సంగతి. మా ఆఫీసు బేగంపేట నుంచి నానక్‌రామ్‌గూడకి మారుతోంది, 180 సీట్లు. షిఫ్టింగ్ గురించి ఒక త్రెడ్ మొదలైంది, సబ్జెక్ట్ ముందు RE: RE: FW: RE: అని రైలు పెట్టెల్లా తగిలించుకుంటూ 19 రోజుల్లో 64 మెయిళ్లయింది, 11 మంది ఉన్నారు అందులో. అక్టోబర్ 3 గురువారం సాయంత్రం మా సైట్ హెడ్ పిలిచి "రేపు కాల్ ఉంది, ఒక పేజీలో ఇవ్వు" అన్నాడు. ఐదున్నరకి చెప్పాడు ఆ మాట. 64 మెయిళ్లు 19 రోజులు నడిచినప్పుడు గుర్తు రాలేదు, ఐదున్నరకి గుర్తొచ్చింది.

నేనేం చేశానంటే బేగంపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మియాపూర్ వచ్చేలోపు ఫోన్లోనే చదివేశా. అమీర్‌పేట తర్వాత నిలబడే, ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో ఫోన్. ఇంటికెళ్లి ల్యాప్‌టాప్ తీసి 15 లైన్లు రాసి పంపా. మర్నాడు ఆరుగురు "గ్రేట్ సమ్మరీ, థాంక్స్" అని రిప్లై కొట్టారు. నేను కూడా బాగానే రాశాననుకున్నా.

అందులో ఒక లైన్ ఇది: "ఇంటర్నెట్ లైన్ 18న వస్తుంది, కన్ఫర్మ్ అయింది."

ఆ లైన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తా, అసలు విషయమంతా అక్కడే ఉంది. ఫెసిలిటీస్ మేడం 52వ మెయిల్లో "నెట్ 18 కన్ఫర్మ్డ్, ట్రెయిలింగ్ మెయిల్ చూడండి" అని రాసింది. నేను ఆ ముక్క తీసుకున్నా, ట్రెయిలింగ్ మెయిల్ చూడలేదు. చూసి ఉంటే నెట్‌వర్క్ అన్న రాసిన 47వ మెయిల్ దొరికేది. పైన ఒక్కటే లైన్ ఉంటుంది, "నా జవాబులు కింద ఎర్ర రంగులో" అని. కింద పాత మెయిల్లో ఆరు పాయింట్లు, వాటి మధ్యలో ఆయన జవాబులు. నాలుగో పాయింట్ దగ్గర "18న లైన్ ఇచ్చేస్తారు, సబ్జెక్ట్ టు రోడ్డు తవ్వే పర్మిషన్ 12 లోపు రావడం" అని ఉంది. ఆయన తప్పు రాయలేదు. మేడం దాన్ని సగం చేసింది, నేను మిగిలిన సగానికి కన్ఫర్మ్ అని ముద్ర కొట్టా.

(ఈ ఎర్ర రంగు జవాబులు కనిపెట్టినవాళ్ల మీద నాకు వ్యక్తిగతంగా కోపం. ఇంకొకడు ఆన్సర్ చేసి నీలం వాడతాడు, మూడోవాడి ఫోన్లో ప్లెయిన్ టెక్స్ట్‌గా మారి రంగులన్నీ పోతాయి, ఇక ప్రశ్న ఎవరిదో జవాబు ఎవరిదో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. పైన నాలుగు వాక్యాల్లో రాస్తే ఏం పోయింది నాయనా.)

సరే, 31వ మెయిల్లో ఇంకో విచిత్రం. బిల్డింగ్ వాళ్ల తరఫు మనిషి స్పష్టంగా అడిగాడు, "రోడ్డు తవ్వడానికి పర్మిషన్ ఎవరు అప్లై చేస్తున్నారు?" అని. దానికి మా వైపు నుంచి వచ్చిన జవాబు "నోటెడ్, విల్ చెక్." అంతే. 31 తర్వాత మొత్తం 33 మెయిళ్లు నడిచాయి, ఆ ఒక్క జవాబు తప్ప ఆ ప్రశ్నని మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. లైన్ వేసేవాళ్లు బిల్డింగ్ వాళ్లు అప్లై చేశారనుకున్నారు, బిల్డింగ్ వాళ్లు లైన్ వేసేవాళ్లే చేస్తారనుకున్నారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

నా సమ్మరీ 4వ తారీఖు పొద్దున అందరికీ చేరింది. 8న దసరా, సగం మంది ఊళ్లకి పోయారు. "కన్ఫర్మ్ అయింది" అని రాసి ఉన్నదాన్ని పండగ పూట ఎవడు ఫోన్ చేసి అడుగుతాడు? 12 వచ్చింది పోయింది. 19, 20 శని ఆదివారాలు సామాన్లు మార్చాం, బేగంపేట తాళాలు ఓనర్‌కి ఇచ్చేశాం. 21 సోమవారం పొద్దున్నే 180 మంది దిగారు, అప్పటికి ఆర్టీసీ సమ్మె నడుస్తోంది, బస్సుల్లేక ఆటోలకి మూడింతలు పెట్టి వచ్చినోళ్లున్నారు. వచ్చి చూస్తే కొత్త కుర్చీలు, కొత్త డెస్కులు, నెట్ లేదు. డాంగిల్స్ తెప్పిస్తే అవి ఐదో అంతస్తులో రెండు గీతల సిగ్నల్. క్యాంటీన్ కిటికీ దగ్గర కొంచెం బాగా వస్తోందని జనం అక్కడ చేరి ఫోన్ హాట్‌స్పాట్లు పెట్టుకుని కూర్చున్నారు. కరోనాకి ముందు కదా, ఇంట్లోంచి చేస్తామంటే సెలవు అడిగినట్టు చూసేవాళ్లు. లైన్ రావడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది.

ఆ వారం ఒక రాత్రి కూర్చుని ఆ 64 మెయిళ్లు మళ్లీ చదివా, ఈసారి ల్యాప్‌టాప్‌లో, పక్కన నోట్‌బుక్ పెట్టుకుని. అప్పట్నుంచి అదే పద్ధతి. నీకు కూడా అదే చెప్తున్నా, వేరే పద్ధతులు ఉంటే ఉండొచ్చు, నాకు అక్కర్లేదు.

ముందు, చివరి మెయిల్ తెరిచి కిందికి చదువుకుంటూ పోతే అన్నీ ఉంటాయనుకోకు. ఎవరో ఒకరు ఎప్పుడూ మధ్యలో ఉన్న పాత మెయిల్‌కి రిప్లై కొడతారు, అక్కడ కొమ్మ చీలుతుంది, చివరి మెయిల్ కింద ఆ కొమ్మ ఉండదు. జీమెయిల్‌లో అయితే సబ్జెక్ట్ మారినా, వంద మెయిళ్లు దాటినా కొత్త త్రెడ్‌గా విడిపోతుంది. కాబట్టి సబ్జెక్ట్‌లోని ఒక ముఖ్యమైన మాటతో సెర్చ్ కొట్టి, ఏమైనా ముక్కలు బయట పడి ఉన్నాయా చూసుకో. మాది రెండు ముక్కలుగా ఉంది. క్యాబ్ రూట్ల చర్చ మొత్తం "ట్రాన్స్‌పోర్ట్" అనే ఇంకో సబ్జెక్ట్ కింద ఉంది, నాకు తెలీనే తెలీదు.

తర్వాత పాతదాని నుంచి కొత్తదానికి, పైనుంచి కాదు, చదువు. థాంక్స్‌లు, "+ ఫలానా", "యాడింగ్ ఫలానా", సెలవు ఆటో రిప్లైలు తీసేస్తే మా 64లో సరుకున్నవి 27 మిగిలాయి. ఎవరిని ఎప్పుడు యాడ్ చేశారన్నది మాత్రం గుర్తుపెట్టుకో, మధ్యలో వచ్చినోడికి అంతకుముందు జరిగింది తెలీదు, వాడి "ఓకే"కి విలువ తక్కువ.

చదివేటప్పుడు నిర్ణయాలు ఏరకు. ఇది నా గట్టి నమ్మకం, ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. ప్రశ్నలు ఏరు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలా, అడిగిన ప్రతి ప్రశ్న ఒక పద్దు, పక్కన అడిగినోడు ఎవరు, తేదీ ఏంటి. ముందుకు చదువుతుంటే ఎక్కడో జవాబు తగులుతుంది, అప్పుడు ఆ పద్దు కొట్టెయ్యి, జవాబు ఏ మెయిల్లో ఉందో రాసుకో. చివరికి వచ్చేసరికి కొట్టెయ్యకుండా మిగిలినవే నీ "తేలని విషయాలు". కొట్టేసినవాటిలోంచే నిర్ణయాలు వస్తాయి. నోట్‌బుక్‌లో ఇలా చేస్తే 31వ మెయిల్ ప్రశ్న కళ్ల ముందు అలా వేలాడుతూ కనిపించేది. "విల్ చెక్" అనేది జవాబు కాదు, బాకీ ఒప్పుకోవడం, అంతే. ఒక మెయిల్లో రెండు ప్రశ్నలు అడిగితే మనవాళ్లు మొదటిదానికే జవాబిస్తారు, రెండోది గాల్లో కలిసిపోతుంది. వాక్యం చివర ప్రశ్న గుర్తు లేని ప్రశ్నలు కూడా ఉంటాయి, "ఇది ఎవరైనా చూస్తే బాగుంటుంది" లాంటివి. అవీ పద్దులే.

ఇక ఏది నిర్ణయం? నేను మూడు చూస్తా. అవునన్న మనిషికి ఆ విషయంలో అవునని చెప్పే హక్కుందా, దేనికి అవునన్నాడు, షరతు ఏమైనా పెట్టాడా. మూడిటిలో ఒకటి తేడా వచ్చినా దాన్ని నిర్ణయాల్లో పెట్టను, తేలని వాటిలోకి తోసేస్తా.

"దేనికి" అన్నది చిన్న విషయం అనుకుంటావేమో, మా యూపీఎస్ కథ విను. వెండర్ రెండో కొటేషన్ 4 లక్షల 10 వేలకి ఇచ్చాడు. తర్వాత ఇన్‌స్టలేషన్ కలిపి మూడోది 4 లక్షల 60 వేలకి పంపాడు, మధ్యాహ్నం 2:10కి. 3:05కి ఫైనాన్స్ సార్ "అప్రూవ్డ్" అన్నాడు. టైం చూస్తే మూడోదానికే అనిపిస్తుంది కదా. కానీ ఆయన రిప్లై కింద చూస్తే రెండో కొటేషన్ పంపిన మెయిల్ ఉంది, అంటే కొత్తది చూడకుండానే పాతదానికి కొట్టాడు. రిప్లై కొడితే అటాచ్‌మెంట్ వెంట రాదు కాబట్టి, ఏ ఫైల్ గురించి మాట్లాడుతున్నారో చివరి మెయిల్ చూసి ఎవడూ చెప్పలేడు, వెనక్కి వెళ్లి ఏ మెయిల్‌కి రిప్లై కొట్టాడో చూడాల్సిందే. నా మొదటి సమ్మరీలో "యూపీఎస్ అప్రూవ్ అయింది" అని ఉంది. అబద్ధం కాదు, కానీ 50 వేల తేడా దాని కింద దాక్కుంది, బిల్లు వచ్చినప్పుడు లొల్లి అయింది.

షరతు గురించి ఇప్పటికే చెప్పా. సబ్జెక్ట్ టు, ప్రొవైడెడ్, అజ్యూమింగ్, టెంటేటివ్లీ, ఈ మాటలు సమ్మరీ రాసేటప్పుడు ముందుగా రాలిపోతాయి, ఎందుకంటే మనం లైన్ చిన్నది చేయాలనుకుంటాం, చిన్నది చేయడానికి తేలిగ్గా కనిపించేవి అవే. ఫోన్లో ఎవరికైనా చెప్పినా అంతే, ఒక నోటి నుంచి ఇంకో నోటికి వెళ్లేసరికి "వస్తే" అన్నది "వస్తుంది" అవుతుంది. నేను ఇప్పుడు షరతుని అదే వాక్యంలో ముందు పెడతా, తేదీ తర్వాత పెడతా. "పర్మిషన్ 12 లోపు వస్తేనే నెట్ 18న" అని. తేదీ ముందుంటే జనం అక్కడిదాకే చదువుతారు.

ఇంకోటి, మౌనం. "అభ్యంతరాలుంటే శుక్రవారం లోపు చెప్పండి" అని మెయిల్, ఎవరూ ఏమీ అనరు, మర్నాడు దాన్ని అందరూ ఒప్పుకున్నారని రాసేస్తారు. మౌనం అర్ధాంగీకారం అనేది పెళ్లిచూపుల్లో నడుస్తుందేమో, పర్చేజ్ ఆర్డర్ల దగ్గర నడవదు. ఆ మాట అన్నది నిర్ణయించే హక్కున్న మనిషే అయితే సరే, గడువు దాటగానే నిర్ణయం అయిపోయినట్టే. వేరేవాళ్లు అంటే కాదు. అలాగే "యాజ్ డిస్కస్డ్" అని మొదలయ్యే మెయిళ్లు. ఎక్కడ డిస్కస్ చేశారు, లిఫ్టులోనా, టీ దగ్గరా? మిగతా తొమ్మిదిమందీ లేరుగా అక్కడ. అలాంటివి నేను "ఫోన్లో అనుకున్నారు, ఫలానావారు త్రెడ్‌లో ఒక లైన్ రాయాలి" అని తేలని వాటిలో పెడతా. కొందరికి కోపం వస్తుంది. రానీ.

ఎవరు చేయాలి అన్న భాగంలో ఒకటే రూల్, ఒక పనికి ఒక మనిషి. "ఐటీ టీం చూస్తుంది" అని రాస్తే ఎవరూ చూడరు, అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరు. "ఐటీ, ఫెసిలిటీస్ కలిసి" అని రాస్తే ఇంకా దరిద్రం. ఇద్దరు చేయాల్సిన పనైతే దాన్ని రెండు పనులు చెయ్యి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పని చివర్లో చేసే మనిషి పేరు రాస్తారు. ఎవరు కదిలితే పని కదులుతుందో ఆ మనిషి పేరు రాయాలి. లైన్ వేసేది వెండరే, కానీ 4వ తారీఖున కదలాల్సింది వెండర్ కాదు, పర్మిషన్ ఎవరిదో తేల్చాల్సిన మా ఫెసిలిటీస్ మేడం. త్రెడ్‌లో "విల్ బి డన్", "చేయబడుతుంది" అని ఉంటే చేసేవాడు ఎవడూ లేడనే అర్థం, నువ్వే పేరు ఊహించి పెట్టకు, ముందు ఫోన్ చేసి "మీ పేరు రాస్తున్నా, ఓకేనా" అని అడుగు. అడక్కుండా పెద్దవాళ్ల పేరు పెట్టి నేను ఒకసారి చీవాట్లు తిన్నా, అది వేరే కథ.

తేదీ కూడా "ఈఓడీ" అని రాయకు. మా దాంట్లో న్యూయార్క్ వాళ్లున్నారు, వాళ్ల శుక్రవారం ఈఓడీ అంటే మనకి శనివారం తెల్లవారుజాము. తారీఖు, టైం, మన టైమా వాళ్ల టైమా, మూడూ రాయి.

అదే త్రెడ్‌కి ఆ 3వ తారీఖు రాత్రి నేను పంపాల్సింది ఇలా ఉండాలి (క్యాబ్‌లూ కుర్చీలూ వదిలేసి, గొడవైన వాటి వరకే రాస్తున్నా):

తేలినవి: షిఫ్టింగ్ 19, 20 తేదీల్లో. ముందు 12 అనుకున్నారు, సైట్ హెడ్ సెప్టెంబర్ 26న మార్చారు. బేగంపేట తాళాలు 20 రాత్రి అప్పగింత, సైట్ హెడ్, సెప్టెంబర్ 30.

తేలనివి: రోడ్డు పర్మిషన్ ఎవరు అప్లై చేస్తారు, 31వ మెయిల్ నుంచి జవాబు లేదు. పర్మిషన్ 12 లోపు వస్తేనే నెట్ 18న. రాకపోతే 21న ఏం చేయాలి, ఎవరూ మాట్లాడలేదు. యూపీఎస్ అప్రూవల్ ఏ కొటేషన్‌కి, 4.10కా 4.60కా.

ఎవరు: ఫెసిలిటీస్ మేడం, పర్మిషన్ ఎవరిదో 4 సాయంత్రం 5 లోపు బిల్డింగ్ వాళ్లతో తేల్చి చెప్పాలి. ఫైనాన్స్ సార్, కొటేషన్ నంబర్‌తో మళ్లీ ఒక లైన్, 7 లోపు. సైట్ హెడ్, 12 దాటితే తాళాలు ఆపాలా వద్దా.

అంతే, చూడు, ఒక్కసారి ఇలా రాశాక తాళాల సంగతి కూడా నిజంగా తేలలేదని కనిపిస్తోంది, నెట్ లేకపోతే పాత ఆఫీసు వదలకూడదు కదా. 64 మెయిళ్లలో ఆ రెండిటినీ కలిపి ఒక్కరూ చూడలేదు, ఎందుకంటే ఒకటి నెట్‌వర్క్ కొమ్మలో ఉంది, ఇంకోటి లీజు కొమ్మలో ఉంది.

12 నుంచి 19కి మారిందని ఎందుకు రాశానంటే, పాత తేదీ బుర్రలో పెట్టుకున్నవాళ్లు ఎప్పుడూ ఇద్దరైనా ఉంటారు. మారిన వాటికి మాత్రమే చరిత్ర రాయి, అది కూడా సగం లైన్. నీ రెండు పేజీలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూడకుండానే చెప్పగలను, "మొదట వీరు ఇలా అన్నారు, దానికి వారు అలా అన్నారు" అని రాసుంటావు. అది ఎవరికీ వద్దు, కావాల్సినోడు కిందికి చదువుకుంటాడు, త్రెడ్ అక్కడే ఉందిగా.

పంపేటప్పుడు అదే త్రెడ్‌లో, రిప్లై ఆల్ కొట్టి, పైన పెట్టు. సబ్జెక్ట్ మార్చకు, ఇంకో కొమ్మ చీలుతుంది. చివర్లో "తప్పుంటే రేపు 11 లోపు సరిచేయండి" అని ఒక లైన్. మా నెట్ గొడవ తర్వాత, నవంబర్‌లో క్యాబ్ రూట్ల మీద ఇంకో 40 మెయిళ్ల త్రెడ్‌కి ఇలాగే పేర్లు, తేదీలు, షరతులతో పంపా. గంటలో నాలుగు రిప్లైలు వచ్చాయి, నాలుగూ గొడవలే. ఒకాయన "నేను ఓకే అన్నది మియాపూర్ రూట్‌కి మాత్రమే", ఇంకొకామె "ఆ పని నాది కాదు, అడ్మిన్‌ది", ఇలా. ఒక్కరు కూడా గ్రేట్ సమ్మరీ అనలేదు.